కరెంటు పోయి వచ్చాక బఠానీ ప్యాకెట్: ఫొటోలో ఏం చూడాలి?

హోస్ట్: నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ సెక్షన్ చూసిన అక్క ఈ రోజు మనతో ఉన్నారు. అక్కా, కావలి నుంచి ఒకామె ఫొటో పంపారు. తుపానుకి ఒక పగలూ రాత్రీ కరెంటు లేదంట. ఫ్రీజర్లో ఉన్న కిలో బఠానీల ప్యాకెట్‌ని స్టీలు పళ్ళెంలో పెట్టి తీశారు. వాడుకోవచ్చా అని అడుగుతున్నారు.

అక్క: ఫొటోని కాస్త పెద్దది చేసి చూడు తమ్ముడూ. ప్యాకెట్లో ఐసు రెండు రకాలుగా లేదూ?

హోస్ట్: అవును. పైనంతా తెల్లగా ఉప్పు చల్లినట్టుంది. కింద మూలన మాత్రం పిడికిలంత గడ్డ, నున్నగా ఉంది.

అక్క: ఆ రెండిటికీ సంబంధం లేదు. తలుపు తీసి వేస్తున్నప్పుడల్లా ఫ్రీజర్లో చలి కాస్త తగ్గి, మళ్ళీ పెరుగుతుంది. అప్పుడు గింజల్లోని తేమ ఆవిరై కవరు లోపలి వైపు పొడిపొడిగా పేరుకుంటుంది. పైన ఉన్నది అదే. ఏ ఇంట్లో అయినా కొన్నాళ్ళున్న ప్యాకెట్లో అది ఉంటుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

హోస్ట్: మరి ఆ మూలనున్న గడ్డ?

అక్క: నీళ్ళు ఎప్పుడూ పల్లానికే పోతాయి కదా! ఆవిరి నుంచి పుట్టిన మంచు ఎక్కడైనా అంటుకుంటుంది. కరిగిన నీరు మాత్రం ప్యాకెట్ ఎటు పడుకుని ఉంటే అటు అడుగుకి చేరి, అక్కడే గడ్డకడుతుంది. ఇందులో చూడు, గడ్డ మీద లేతపచ్చ ఛాయ ఉంది, ఒక వైపు సమంగా పలకలా ఉంది. ఫ్యాక్టరీలో బఠానీని ఏ గింజకా గింజ విడిగా గడ్డకట్టిస్తారు, కొన్నప్పుడు గలగలమంటుంది. ఇన్ని గింజలు ఐసులో మునిగిపోయి ఉన్నాయంటే కరిగి మళ్ళీ గట్టిపడ్డట్టే.

హోస్ట్: ఊరికే అతుక్కుని ఉండొచ్చు కదా?

అక్క: ఉండొచ్చు. అందుకే ప్యాకెట్‌ని గట్టు మీద ఒకసారి తట్టి ఇంకో ఫొటో పంపమను. మంచుపొడితో అతుక్కున్నవి విడిపోతాయి, నీటితో కట్టిన గడ్డ అలాగే ఉంటుంది. ఫ్లాష్ వద్దు, ఫ్లాష్ పడితే తెల్లమచ్చా, ఐసూ, కవరు మెరుపూ ఒకేలా కనిపిస్తాయి. పక్క నుంచి టార్చి వేసి, బయటికి తీసిన వెంటనే తీయాలి. మన ఉక్కకి నిమిషంలో కవరంతా చెమర్చి ఏమీ కనబడదు.

హోస్ట్: కొన్ని గింజలు ముడతలు పడి పాలిపోయాయి. అవీ కరిగినవేనా?

అక్క: కాదబ్బా, అది ఫ్రీజర్ బర్న్. చలిగాలికి తేమ పోయి ఎండిపోవడం. తింటే ప్రమాదం లేదు, రుచే ఉండదు. మాంసంలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కవరు చిరిగిన చోట, గాలి చేరిన అంచుల్లో బూడిద రంగో తెలుపో మచ్చలు, తోలులా గట్టిగా ఉంటాయి. బొటనవేలితో రుద్దితే మంచు పోతుంది, ఈ మచ్చ పోదు. ఆ ముక్క వరకు కోసి తీసేస్తే చాలు.

హోస్ట్: ఆమె ఫ్రీజర్లో చికెన్ ట్రే కూడా ఉందంట. అడుగున ఎర్రటి ఐసు పలక కట్టింది.

అక్క: షాపులో గడ్డకట్టిందే కొని ఉంటే, అది కరిగి కారిన రసం అని అనుమానించాలి. ఆదివారం కొట్టించుకొచ్చిన కోడిని తడితో అలాగే పెట్టేసినా మొదటిసారే ఎర్ర ఐసు కడుతుంది. కొన్నది ఎలాంటిదో అడక్కుండా ఫొటో చూసి తీర్పు చెప్పకూడదు. రొయ్యల మీదైతే సన్నటి ఐసు పొర మేమే కావాలని వేస్తాం, ఎండిపోకుండా. దాన్ని చూసి కంగారుపడి ఫోన్ చేసేవాళ్ళు బోలెడు మంది!

హోస్ట్: మరి ఆమెకి ఏం చెబుదాం?

అక్క: కరిగిందని ఫొటో చెప్పింది. ఎంతసేపు వెచ్చగా ఉందో అది చెప్పలేదు. నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ తలుపు తీయకపోతే సుమారు 48 గంటలు చలి నిలుస్తుంది, సగమే ఉంటే 24. ఫ్రిజ్ పై అరకి ఆ లెక్క పనికిరాదు. కరెంటు వచ్చేసరికి లోపల ఇంకా ఐసు పలుకులు ఉన్నాయా, పూర్తిగా మెత్తబడిందా అని అడుగు. పలుకులు ఉంటే తిరిగి గట్టిపరిచినా తినొచ్చు, బఠానీ కాస్త మెత్తగా ఉంటుందంతే, కూరలో వేసేయొచ్చు. పూర్తిగా కరిగి 4 డిగ్రీలు దాటి రెండు గంటలకు మించి ఉంటే చికెన్ పారేయాలి.

హోస్ట్: ఆమె అప్పుడు ఇంట్లో లేరంట అక్కా, ఒంగోలు వెళ్ళారు.

అక్క: అయితే చికెన్ ఉంచుకోవద్దని చెప్పు. బఠానీకి ఇంత గడ్డ కట్టిందంటే చాలాసేపే కరిగుంటుంది, నేనైతే అదీ వండను.