మక్తబా షామిలా రివ్యూ: ఒకే హదీసుతో పరీక్ష పెడదాం

అందరికీ సలాం, నమస్కారం. అరబీ చదివే వాళ్ల లాప్‌టాప్‌లో తప్పకుండా కనిపించే పుస్తకాల సాఫ్ట్‌వేర్ ‘అల్ మక్తబా అష్షామిలా’ గురించే ఈ వీడియో. పైసా ఖర్చు లేదు. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. హదీసు, ఫిఖ్‌హ్, చరిత్ర, నిఘంటువులు, అన్నీ కలిపి వేల పుస్తకాలు. ఫీచర్లన్నీ చదివి వినిపించను గానీ, మనందరికీ తెలిసిన ఒక్క హదీసును ఇందులో వెతికి చూద్దాం.

‘ఆచరణలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయి’ అన్న హదీసు. సహీహ్ బుఖారీ అనే హదీసు సంకలనంలో మొట్టమొదటిది. బుఖారీ ఒక్కటే ఎంచుకుని, మనకు కంఠతా వచ్చినట్టే టైప్ చేస్తున్నా, చూడండి:

```
إنما الأعمال بالنيات
```

మొదటి హదీసు వచ్చింది. ‘దొరికింది, బుఖారీలో ఇదొక్కచోటే ఉంది’ అని నోట్సులో రాసుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిజానికి బుఖారీ దీన్ని ఏడు చోట్ల ఇచ్చాడు. ప్రచారంలో ఉన్న నంబర్ల ప్రకారం 1, 54, 2529, 3898, 5070, 6689, 6953. మిగతా ఆరు ఎందుకు రాలేదంటే, వాటిలో ‘బిన్నియ్యాత్’ అని బహువచనం లేదు, ‘బిన్నియ్య’ అని ఏకవచనం ఉంది. 5070లో అయితే మొదటి మాటే మారి ‘అల్ అమలు’ అయింది. సెర్చ్‌కు మన ఉద్దేశం తెలియదు, అక్షరాలే తెలుసు.

అందుకే పేరుమోసిన మొదటి వాక్యాన్ని వదిలేసి, ఉల్లేఖనలు మారినా మారని ముక్కను పట్టుకోవాలి. ‘మా నవా’ అని వెతికితే ఏడింటిలో ఆరు దొరుకుతాయి, 3898 జారిపోతుంది. వలస గురించిన ఈ రెండు మాటలు చూడండి:

```
كانت هجرته
```

ఏడూ వచ్చేశాయి. ఏడూ పక్కపక్కన పెట్టుకుంటే ఇంకో సంగతి బయటపడుతుంది. ‘ఎవరి వలస అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసమో’ అన్న భాగం మొదటి హదీసులో లేదు, 54లో ఉంది. అంటే మొదటి ఫలితాన్నే కాపీ చేసుకున్న విద్యార్థి చేతిలో సగం పాఠమే ఉంటుంది.

హైదరాబాద్ వాళ్లకు ఇక్కడ ఒక మాట. ఫోన్‌లో ఉర్దూ కీబోర్డ్ పెట్టుకుని అరబీ వెతక్కండి. ఉర్దూ ‘యే’, ‘కాఫ్’, ‘హే’ చూడ్డానికి అరబీ అక్షరాల్లాగే ఉన్నా, కంప్యూటర్‌కు అవి వేరే అక్షరాలు. కొన్ని సెర్చ్‌లు సర్దుకుంటాయి, కొన్ని సున్నా చూపిస్తాయి. సున్నా కనిపిస్తే పుస్తకంలో లేదనుకునే ముందు కీబోర్డ్ చూసుకోండి.

ఇప్పుడు పుస్తకాలన్నీ ఎంచుకుని అదే వెతికితే ఫలితాలు పేజీల కొద్దీ వస్తాయి. అది చూసి ‘ఇన్ని పుస్తకాల్లో ఉంది కాబట్టి ఎంతోమంది ఉల్లేఖించారు’ అని రాసేస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే. సనదు, అంటే హదీసును ఒకరి నుంచి ఒకరు అందించిన ఉల్లేఖకుల వరుస, తెరిచి కిందికి రండి. ప్రవక్త నుంచి ఉమర్, ఆయన నుంచి అల్‌ఖమా, ఆయన నుంచి ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం, ఆయన నుంచి యహ్యా బిన్ సయీద్ అన్సారీ. ప్రామాణికమైన సహీహ్ మార్గం ఈ నాలుగు మెట్లలోనూ ఒక్కొక్కరితోనే నడుస్తుంది. యహ్యా దగ్గరికి వచ్చాకే అది ఎంతోమంది శిష్యులకు చేరింది. హదీసు నిస్సందేహంగా సహీహే. కానీ ప్రతి మెట్టులోనూ ఎంతోమంది ఉల్లేఖించిన ముతవాతిర్ కాదు, హదీసు పండితుల లెక్కలో ఇది ‘గరీబ్’, అంటే ఏదో ఒక మెట్టులో ఒక్కరే ఉల్లేఖించినది. ఫలితాల సంఖ్య ఈ తేడా ఎప్పటికీ చెప్పదు.

ఆ యహ్యా ఎవరో చూద్దామని పేరు మీద వెతికితే మళ్లీ చిక్కు. యహ్యా బిన్ సయీద్ అల్ ఖత్తాన్ అని ఇంకో మహాపండితుడున్నాడు. ఆయన మరణం హిజ్రీ 198, అన్సారీది 143 ప్రాంతం. పైగా ఖత్తాన్ అన్సారీకి శిష్యుడు కూడా, కాబట్టి ఇద్దరూ ఒకే సనదులో పక్కపక్కనే కనిపించవచ్చు. సనదులో ఆ పేరుకు ముందూ వెనకా ఎవరున్నారో చూడకుండా తేల్చకండి.

ఇలాంటి ఉల్లేఖకుల పరిచయాల కోసం ఇబ్ను హజర్ ‘తహ్జీబుత్ తహ్జీబ్’ తెరిస్తే, దాని వివరాల కార్డు ఒకసారి చదవండి. ప్రచురణ: దాయిరతుల్ మఆరిఫ్, ఇండియా, హిజ్రీ 1326, 12 భాగాలు. మన హైదరాబాద్ సంస్థే! 1888లో మొదలైంది, ఇప్పుడు ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది. కార్డులో ఇంకో వాక్యం ముఖ్యం: పేజీ నంబర్లు అచ్చు ప్రతితో సరిపోతాయా, లేక కంప్యూటర్ వేసినవా అన్నది. కంప్యూటర్ వేసినవైతే ఆ నంబరు మీ థీసిస్‌లో పనికిరాదు. సరిపోతాయని ఉన్నా, షామిలాలో ఉన్నది ఎవరో టైప్ చేసిన పాఠం. ఒక వాక్యం జారిపోయినా తెరమీద తెలియదు. కోట్ చేసే ప్రతి పేజీనీ అదే ముద్రణ స్కాన్ పీడీఎఫ్‌లో చూసుకోండి.

వెతకడానికి షామిలాకు నేను పదికి తొమ్మిది ఇస్తాను. ఫుట్‌నోట్‌లో నేరుగా పెట్టుకోవడానికైతే మూడే.