ముప్పై ఆరు చీటీలు, ఇద్దరు అపరిచితులు

వ్యాఖ్యాత: నమస్కారం. కొత్తగా పరిచయమైన ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ముందే రాసిపెట్టిన ప్రశ్నలు చేతికిస్తే ముప్పావు గంటలో వారి మధ్య సాన్నిహిత్యం పెరుగుతుందా అన్నది ఈ రోజు మన విషయం. చాలాకాలం మనస్తత్వశాస్త్రం బోధించి, ఈ పద్ధతిని తమ తరగతిలోనే అమలు చేసి చూసిన మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, ఈ ముప్పై ఆరు ప్రశ్నల గురించి విన్నవాళ్లందరూ దీన్ని ప్రేమ పుట్టించే చిట్కా అనుకుంటున్నారు. అది నిజమేనా?

అతిథి: ఆ పేరు దానికి తరువాత వచ్చిందమ్మా. 2015లో ఒక అమెరికన్ దినపత్రికలో వచ్చిన వ్యాసం వల్ల ఇది ప్రేమ ప్రశ్నావళిగా ప్రపంచమంతా తిరిగింది. చివర నాలుగు నిమిషాలు కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకోవాలన్నది కూడా ఆ ప్రచారంతోనే జనంలోకి వెళ్లింది. మనస్తత్వ పరిశోధకుడు ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన అసలు పద్ధతిలో అది లేదు. వారి అవసరం వేరు. సాన్నిహిత్యాన్ని అధ్యయనం చేయాలంటే అప్పటికే స్నేహితులైనవారినో దంపతులనో పిలిచి అడగవలసి వచ్చేది, కానీ వారి మధ్య అది ఎలా మొదలైందో ఎవరికీ తెలియదు. ప్రయోగశాలలోనే, కళ్లముందే, కొద్దిపాటి సాన్నిహిత్యాన్ని పుట్టించగలిగితే దాని కారణాలను విడదీసి చూడవచ్చునని వారు ఈ పద్ధతిని తయారు చేశారు.

వ్యాఖ్యాత: ఆ గదిలో ఏం జరుగుతుందో వరుసగా చెప్పండి.

అతిథి: ఒకరికొకరు పరిచయం లేని ఇద్దరు విద్యార్థులు కూర్చుంటారు. ఒక్కో కట్టలో పన్నెండు చీటీలు చొప్పున మూడు కట్టలు ఉంటాయి, ఒక్కో కట్టకు పదిహేను నిమిషాలు. ఒకరు చీటీ తీసి పైకి చదువుతారు, చదివినవారే ముందు జవాబు చెబుతారు, తరువాత అదే ప్రశ్నకు రెండోవారు కూడా జవాబు చెబుతారు. ఇద్దరూ చెప్పాకే తరువాతి చీటీ. కట్టలో ప్రశ్నలు మిగిలిపోయినా పదిహేను నిమిషాలు కాగానే తరువాతి కట్టకు వెళ్లిపోవాలి, ఎందుకంటే అందరూ మూడో కట్ట దాకా చేరడం ముఖ్యం గాని అన్నిటికీ జవాబులు పూర్తిచేయడం ముఖ్యం కాదు.

మొదటి కట్టలో, ప్రపంచంలో ఎవరినైనా భోజనానికి పిలవగలిగితే ఎవరిని పిలుస్తారు అని ఉంటుంది. ఫోన్ చేసే ముందు ఏం మాట్లాడాలో మనసులో ఒకసారి అనుకుంటారా, ఎందుకు అని ఉంటుంది. రెండో కట్టలో మీకు అన్నిటికన్నా విలువైన జ్ఞాపకం ఏది, అన్నిటికన్నా భయంకరమైన జ్ఞాపకం ఏది అని వస్తాయి. మూడో కట్టలో ఇతరుల ఎదుట చివరిసారి ఎప్పుడు ఏడ్చారు అని అడుగుతారు. చిట్టచివరి చీటీలో మీ వ్యక్తిగత సమస్య ఒకటి చెప్పి, అవతలివారైతే దాన్ని ఎలా పరిష్కరించుకుంటారో అడగమంటారు. అంతటితో ఆగదు, ఆ సమస్య చెబుతున్నప్పుడు నేను ఎలా ఉన్నట్టు మీకు అనిపించింది అని కూడా అడగాలి.

వ్యాఖ్యాత: ఫలితం ప్రశ్నల వల్లనే వచ్చిందని ఎలా తెలుస్తుంది? ముప్పావు గంట ఎవరితో మాట్లాడినా కొంత దగ్గరవుతాం కదా.

అతిథి: అందుకే మరికొన్ని జంటలకు కూడా చీటీలే ఇచ్చి, అంతే సమయం ఇచ్చి, లోతు లేని ప్రశ్నలు పెట్టారు. గంటకు పైగా చివరిసారి ఎప్పుడు నడిచారు, ఎక్కడికి వెళ్లారు, దారిలో ఏం చూశారు అన్నటువంటివి. తరువాత కొలిచారు. ఆ కొలత సాధనాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. ఒక కాగితం మీద ఏడు బొమ్మలుంటాయి. ప్రతి బొమ్మలో రెండు వృత్తాలు, ఒకటి నేను, ఒకటి అవతలి మనిషి. మొదటి బొమ్మలో రెండూ విడివిడిగా ఉంటాయి, ఏడో బొమ్మ వచ్చేసరికి దాదాపు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మీ ఇద్దరికీ సరిపోయే బొమ్మ ఏదో గుర్తు పెట్టమంటారు. దీనితో పాటు మరో ప్రశ్నావళిని కలిపి లెక్కవేస్తే, ఏడు మీద కాలక్షేపం కబుర్ల జంటలకు సుమారు మూడుంపావు, లోతుకు దిగిన జంటలకు నాలుగుకు కాస్త పైన వచ్చింది.

వ్యాఖ్యాత: వినడానికి అది పెద్ద తేడాలా లేదు.

అతిథి: ముప్పావు గంట క్రితం ముఖమైనా తెలియని మనిషి విషయంలో ఏడుకు నాలుగు రావడమంటే చిన్న సంగతి కాదమ్మా. నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించింది ఆరన్ బృందం 1997 పరిశోధన వ్యాసంలోని రెండో అధ్యయనం. ముఖ్యమైన విషయాల మీద అభిప్రాయాలు కలిసేవారిని జతపరచి చూశారు, కలవనివారినీ జతపరచి చూశారు. మీరిద్దరూ ఒకరికొకరు నచ్చుతారని అనుకుంటున్నామని కొందరికి ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. ఈ రెండింటిలో దేనివల్లా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అభిరుచులు కలిస్తేనే స్నేహమని మనం అనుకుంటాం గాని, ఇక్కడ చెప్పుకునే క్రమమే పని చేసింది.

వ్యాఖ్యాత: ఆ క్రమంలో ఏది ఎక్కువ ముఖ్యం, ప్రశ్నల లోతా, వంతులవారీగా చెప్పడమా?

అతిథి: వంతుల సంగతిని విడిగా పరీక్షించినవారు సూసన్ స్ప్రెచర్, ఆమె బృందం. 2013లో ప్రచురించారు. స్కైప్‌లో కలిపిన అపరిచిత జంటల్లో కొందరు మొదటి నుంచీ ఒక ప్రశ్నకు నువ్వు, అదే ప్రశ్నకు నేను అన్నట్టు మాట్లాడుకున్నారు. మిగిలిన జంటల్లో మొదటి భాగమంతా ఒకరే చెప్పారు, రెండోవారు విన్నారు, తరువాతి భాగంలో పాత్రలు మార్చుకున్నారు. చివరికి అందరూ చెప్పినవారే, అందరూ విన్నవారే. అయినా వంతులవారీగా చెప్పుకున్నవారిలోనే ఇష్టం, సాన్నిహిత్యం, మనిద్దరం ఒకే తరహా అన్న భావన ఎక్కువగా కనిపించాయి, పాత్రలు మారిన తరువాత కూడా ఆ తేడా పోలేదు. అంటే ఈ రోజు నా గోడు నువ్వు విను, రేపు నీది నేను వింటాను అన్న ఒప్పందం కొత్త పరిచయంలో అంతగా పనిచేయదన్నమాట.

వ్యాఖ్యాత: మీ తరగతిలో ఏం జరిగిందో చెప్పండి.

అతిథి: మొదటిసారి నేనే చెడగొట్టాను. ఎం.ఏ. మొదటి సంవత్సరం పిల్లలు, చేరి వారమైనా కాలేదు. పీరియడ్ నలభై నిమిషాలే కనుక, అసలు పని చేసేది మూడో కట్టే కదా అని ఒక బృందానికి నేరుగా దాన్నే ఇచ్చాను. ఈ సాయంత్రమే మీరు చనిపోతే, ఎవరికి ఏం చెప్పలేకపోయినందుకు ఎక్కువ బాధపడతారు అన్న చీటీ ఒక అబ్బాయికి వచ్చింది. అతను చదివి, నవ్వి, చీటీని మడిచి మళ్లీ కట్ట కింద పెట్టేశాడు. ఎదురుగా ఉన్న అమ్మాయి కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, మెట్లు తీసేసి మేడ ఎక్కమన్నది నేను.

మరుసటి వారం రెండు పీరియడ్లు కలిపి తీసుకుని, మొదటి కట్ట నుంచి మొదలుపెట్టాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మరో అమ్మాయికి ఫోన్ చీటీ వచ్చింది. మొదటి అమ్మాయి, హైదరాబాదులో హాస్టల్ ఆఫీసుకు ఫోన్ చేయాలంటే మాట్లాడబోయే వాక్యం రెండుసార్లు మనసులో అనుకుంటానని, తన యాస విని అవతల నవ్వుతారేమోనని భయమని చెప్పింది. రెండో అమ్మాయి కొంచెంసేపు ఊరుకుని, తను కూడా అంతేనని, అయితే తను అనుకునేది టీవీల్లో వినబడే తెలుగులోకి మార్చుకోవడానికని చెప్పింది. ఇద్దరూ ఒకరినొకరు మీరు అనే అనుకుంటున్నారు. రెండో కట్టలో ఒకరిలోని మంచి గుణాలను ఒకరు వంతులవారీగా చెప్పవలసిన చీటీ ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి, నువ్వు వినేటప్పుడు మధ్యలో అడ్డు రావు అని ఒక అమ్మాయి అంది. మీరు కాస్తా నువ్వు అయిన సంగతి వారు గమనించలేదు. నేను గమనించాను. ఏడు బొమ్మల కాగితం తెలుగువాడికి అవసరమా అని అప్పుడు అనిపించింది.

వ్యాఖ్యాత: మనవాళ్లు మొదటి పరిచయంలో అడగకుండా ఏమీ వదలరు. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి, జీతమెంత అని అడుగుతారు. అది ఈ లెక్కలోకి రాదా?

అతిథి: అవి అవతలి మనిషిని ఏ గడిలో పెట్టాలో తేల్చుకోవడానికి అడిగేవి. ఇంటిపేరు ప్రశ్న వెనుక చాలాసార్లు కులం ప్రశ్న ఉంటుంది. పైగా అడిగేవారు పెద్దవారు, చెప్పేవారు చిన్నవారు. తిరిగి అడిగే హక్కు ఉండదు. ఆల్ట్‌మన్, టేలర్ అనే ఇద్దరు మనస్తత్వశాస్త్రవేత్తలు 1973లో ఈ విషయాన్ని ఉల్లిపొర పోలికతో వివరించారు. సంబంధం పెరిగేకొద్దీ ఇద్దరి పొరలూ పైనుంచి లోపలికి క్రమంగా తెరుచుకుంటాయని వారి వాదన. మనం పైపొరలోని వివరాలు వంద అడుగుతాం, రెండో పొర దగ్గర ఆగిపోతాం.

వ్యాఖ్యాత: ఈ వ్యాయామం దారి తప్పుతోందని మధ్యలోనే ఎలా తెలుస్తుంది?

అతిథి: జవాబుల పొడవు చూడాలి. ఒకరు అయిదు నిమిషాలు చెబితే రెండోవారు నాదీ అంతే అని తేల్చేస్తున్నారంటే, అక్కడ వంతు తప్పినట్టే. ఇంకొకటి, అవతలివారు చెబుతుండగానే చేయి తరువాతి చీటీ మీదికి పోతుంటే అది పరీక్ష పేపరు అయిపోయిందని అర్థం. అటువంటప్పుడు తొందరపెట్టకూడదు; ఇష్టం లేని చీటీ పక్కన పెట్టవచ్చునని మొదటే చెప్పడం మంచిది. నేను తరువాత ప్రతిసారీ చెప్పాను. బయటకు చెప్పకూడదన్న మాట కూడా ముందే తీసుకోవాలి, ఎందుకంటే ఒకే తరగతిలో చెప్పిన సంగతి సాయంత్రానికి క్యాంటీన్‌కు చేరుతుంది.

ఇక పరిమితి ఒకటుంది. ఇది పుట్టించేది సాన్నిహిత్య భావనేనని, విశ్వాసపాత్రత, పరస్పర ఆధారం, కట్టుబాటు వంటివి దీనివల్ల వచ్చే అవకాశం తక్కువని, వాటికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చునని ఆరన్, ఆయన సహచరులే రాశారు. నేను చూసిన జంటల్లో సగం మంది సంవత్సరాంతానికి మామూలుగా పలకరించుకునే స్థాయిలోనే ఉన్నారు. ఆ ఇద్దరు అమ్మాయిలు మాత్రం ఒకే గదిలో అద్దెకు దిగారు.

వ్యాఖ్యాత: చివరిగా ఒక ప్రశ్న, మాస్టారూ.

అతిథి: ఆగమ్మా. ఇంతసేపూ నువ్వు అడుగుతున్నావు, నేను చెబుతున్నాను. స్ప్రెచర్ ప్రయోగంలో తక్కువ మార్కులు వచ్చిన జంట మనమే. ఫోన్ చీటీకి నువ్వు జవాబు చెప్పు.

వ్యాఖ్యాత: నేనా? అనుకుంటానండీ. మీకు మొదటిసారి ఫోన్ చేసే ముందు మాస్టారు అనాలా, సర్ అనాలా అని కాగితం మీద రెండూ రాసుకున్నాను. మీరు ఎత్తగానే ఆ కాగితం కనబడలేదు. మరి మీరు?

అతిథి: నేను అనుకోను. మా ఆవిడ పోయిన తరువాత మా అబ్బాయికి ఫోన్ చేసేటప్పుడు మాత్రం అనుకుంటాను. ఆవిడ ఉన్నప్పుడు ఆవిడే మాట్లాడి, చివర నాకిచ్చేది.