ఆటో టైరు, లారీ టైరు: లోపలి దారం ఏ దిక్కున నడుస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

ఒక ఆటో వెనక చక్రం సోమవారం పంక్చరైందనుకుందాం. ప్యాచ్ వేయించారు. బుధవారం మళ్లీ అదే చక్రం దిగిపోయింది. టైరు లోపల వెతికితే మేకు లేదు, ముల్లు లేదు. కొత్త ట్యూబు వేశారు. శనివారానికి అదీ పోయింది. ఇలాంటప్పుడు చాలామంది ట్యూబు నాసిరకమని అనుకుంటారు. నిజానికి చాలాసార్లు తప్పు ట్యూబుది కాదు, టైరుది. అది కూడా ఆటోలకూ పాత లారీలకూ వాడే టైరులో తరచుగా వచ్చే రకం దెబ్బ. ఆ దెబ్బ ఏమిటో తెలియాలంటే రబ్బరు కింద దారాలు ఎలా పరిచి ఉంటాయో ముందు చూడాలి.

టైరుకు బలం రబ్బరు వల్ల రాదు, లోపలి దారాల వల్ల వస్తుంది. మామూలు ఆటోకు వేసే 4.00-8 టైరులో ఇవి నైలాన్ దారాలు. ఒక అంచు నుంచి రెండో అంచుకు ఏటవాలుగా నడుస్తాయి. ఒక పొర కుడికి వాలితే, దాని మీది పొర ఎడమకు వాలుతుంది. నులక మంచం అల్లిక గుర్తు తెచ్చుకోండి, అదే తీరు. దీన్నే బయాస్ టైరు అంటారు. మన దగ్గర చాలామంది నైలాన్ టైరు అనే పిలుస్తారు. పాత లారీల 9.00-20, 10.00-20 టైర్లు కూడా ఇలాంటివే. వాటిలో పొరలు ఇంకా ఎక్కువ.

రెండో రకం రేడియల్ టైరు. ఇందులో దారం ఏటవాలుగా పోదు. ఒక అంచు నుంచి రెండో అంచుకు నిటారుగా, దగ్గరి దారిన పోతుంది. దాని మీద, సరిగ్గా రోడ్డును తాకే భాగం కింద, ఉక్కు తీగల పట్టీలు చుట్టూ తిరిగి ఉంటాయి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసినట్టే. మిషెలిన్ సంస్థ 1946లో దీనికి పేటెంట్ తీసుకుని 1949లో మార్కెట్లోకి తెచ్చింది. మీ టైరు ఏదో తెలుసుకోవడానికి పక్కగోడ మీద సైజు చదివితే చాలు. 10.00 తర్వాత అడ్డగీత ఉండి 20 ఉంటే బయాస్, ఆ గీత స్థానంలో ఇంగ్లీషు అక్షరం ఆర్ ఉంటే రేడియల్.

తేడా చేత్తో తెలుసుకోవచ్చు. ఒక తువ్వాలు తీసుకుని నిలువు దారం వెంట లాగండి, సాగదు. అదే తువ్వాలును మూల నుంచి మూలకు లాగండి, సాగి మెలి తిరుగుతుంది. బయాస్ టైరు రోడ్డు మీద చక్రం తిరిగిన ప్రతిసారీ చేసేది ఆ రెండో పనే. పక్కగోడ వంగితే, రోడ్డును తాకే భాగం కూడా దానితోపాటు మెలిపడుతుంది. రెండూ ఒకే అల్లిక కాబట్టి దేన్నీ విడదీయలేం. పొర మీద పొర రాపిడి పడి వేడి పుడుతుంది. పాత లారీ ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద గంటలకొద్దీ వేగంగా పోతే టైరు పేలడానికి పెద్ద కారణం ఈ వేడే. గాలి తక్కువగా ఉంటే వంపు పెరుగుతుంది, వంపుతో వేడి పెరుగుతుంది, ఆ వేడికి పొరలు ఒకదాన్నుంచి ఒకటి ఊడిపోతాయి.

నైలాన్‌కు ఇంకో గుణం ఉంది. రాత్రంతా లోడుతో నిలబడిన బండిని తెల్లవారి తీస్తే మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు టైరు దడదడమని కొట్టుకుంటుంది. వేడిగా ఆగిన టైరు చల్లారేటప్పుడు నేలకు ఆనిన చోట చదునుగానే బిగుసుకుంటుంది. మళ్లీ వేడెక్కితే గుండ్రంగా వస్తుంది. ఆ కాస్త దూరానికే చక్రం అలైన్‌మెంట్ చేయించనక్కర్లేదు. అయిదారు కిలోమీటర్లు పోయినా దడ తగ్గకపోతే మాత్రం టైరు ఉబ్బిందేమో చూడాలి.

ఇక నడక సంగతి. మలుపులో బండి బరువు బయటి చక్రం మీదికి వాలుతుంది. బయాస్ టైరు గోడ గట్టిది, కానీ ఆ గోడ పక్కకు ఒరిగినప్పుడు అడుగుభాగాన్ని కూడా తనతో లాగుతుంది. రోడ్డుకు ఆనే జాగా తగ్గుతుంది. స్టీరింగ్ తిప్పిన తర్వాత బండి ఒక క్షణం ఆలస్యంగా తిరిగినట్టు అనిపించడం అందుకే. రేడియల్‌లో గోడ మెత్తగా ఒరిగినా, కింద ఉక్కు పట్టీ అడుగుభాగాన్ని చదునుగా పట్టి ఉంచుతుంది. పట్టు ఎక్కువ. అయితే పట్టు వదిలేటప్పుడు బయాస్ కొంచెం కొంచెంగా జారుతూ కీచుమని ముందే చెబుతుంది. రేడియల్ ఎక్కువసేపు పట్టుకుని, వదిలితే ఉన్నట్టుండి వదులుతుంది.

మరి ఆటోకు రేడియల్ వేస్తే మేలు కదా అంటారు. ఎనిమిది అంగుళాల చిన్న చక్రం, వెడల్పు తక్కువ బండి, ముందు ఒకటే చక్రం, ముగ్గురికి బదులు ఆరుగురు ఎక్కడం, దానికి తోడు గుంతల రోడ్డు. ఇలాంటి బండికి గోడ మెత్తగా ఉంటే ఊగుడు పెరుగుతుంది. ఆటో వేగం కూడా ఎక్కువ కాదు కాబట్టి వేడి అంత పెద్ద సమస్య కాదు. నా లెక్కలో 4.00-8 బండికి బయాస్ టైరే సరైనది. కొత్తగా వస్తున్న కొన్ని ఎలక్ట్రిక్ ఆటోలకు 12 అంగుళాల రేడియల్ కంపెనీయే బిగిస్తోంది. అక్కడ బండి మొత్తాన్ని దానికి తగ్గట్టు లెక్కవేసి తయారుచేస్తారు.

లారీకి రెండు రకాలూ కలిపి వేయడం మాత్రం ప్రమాదం. ఒకే ఇరుసు మీద ఒకటి బయాస్, ఒకటి రేడియల్ ఎప్పుడూ ఉండకూడదు. ముందు రేడియల్ వేసి వెనక బయాస్ వేస్తే ఇంకా చెడ్డది. ముందు చక్రాలు గట్టిగా మలుపు తీసుకుంటాయి, వెనక చక్రాలు ముందే జారతాయి, బండి తోక తిప్పేస్తుంది.

ఇప్పుడు మళ్లీ మన పంక్చరు దగ్గరికి వద్దాం. ఆటో జోరుగా పోతూ గుంత అంచునో, పదునైన రాయినో కొట్టింది. బయట గీత కూడా పడలేదు. కానీ రాయి టైరును లోపలికి నొక్కినప్పుడు ఎక్కువగా సాగేది లోపలి పొర. ముందు తెగేది అదే. దారాలు అడ్డంగా దాటుకుంటూ ఉంటాయి కనుక పగులు గుణకారం గుర్తులా పడుతుంది. ఆ తర్వాత చక్రం ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఆ పగులు తెరుచుకుని మూసుకుని ట్యూబును గిల్లుతుంది. రెండు మూడు రోజుల్లో చిల్లు. ప్యాచ్ వేస్తే దాని పక్కనే ఇంకో చిల్లు.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. చక్రం విప్పకముందే వాల్వు ఎదురుగా టైరు మీద చాక్‌పీసుతో గీత పెట్టండి. బయటి వైపు ఏదో కూడా గుర్తుపెట్టండి. తర్వాత వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోనివ్వండి. ఇక్కడ ఒక హెచ్చరిక. చాలా ఆటోల రిమ్ము రెండు ముక్కలు కలిపి నట్లతో బిగించినది. గాలి ఉండగా ఆ నట్లు విప్పితే రిమ్ము ముక్క ఎగిరి మొహానికి తగులుతుంది.

ట్యూబు తీసి కొంచెం గాలి పట్టి నీళ్ల తొట్టిలో ముంచండి. బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టి, ట్యూబును టైరు మీద పరచండి. వాల్వు చాక్‌పీసు గీత దగ్గరికి రావాలి. చిల్లు ఎక్కడికి వచ్చిందో టైరులో తప్పు అక్కడే ఉంది. ఆ చోట వేలు పెట్టకండి, విరిగిన మేకు మొన ఉంటే కోస్తుంది. నూలుగుడ్డతో తుడవండి, మొన ఉంటే గుడ్డ దారం చిక్కుకుంటుంది. చిక్కకపోతే టైరును ఆ చోట వెనక్కి వంచి లోపలి వైపు తెరిచి చూడండి, పగులు నోరు విప్పుతుంది. పగులు పెద్దదైతే టైరు మార్చాల్సిందే. లోపల ప్యాచ్ అతికించి కొన్నాళ్లు నెట్టుకొస్తారు గానీ మనుషులెక్కే బండికి అది తగదు.

చిల్లు తీరు కూడా కారణం చెబుతుంది. పక్కపక్కనే పాము కాటులా రెండు చిల్లులుంటే గాలి తక్కువై, గుంతలో రిమ్ము ట్యూబును నొక్కేసిందన్నమాట. చిల్లు రిమ్ము వైపు ఉంటే రిమ్ము తుప్పు, లేదా రెండు ముక్కల మధ్య ట్యూబు ఇరుక్కోవడం. అందుకే బిగించేటప్పుడు ట్యూబుకు గుండ్రంగా నిలిచేంత గాలి పెట్టి, ముక్కల సందులో ఏమీ చిక్కలేదని చూసి, నట్లను ఎదురెదురుగా బిగించాలి.

మేకు దిగినప్పుడు గాలి ఎంత తొందరగా పోతుందన్నది బయాసా, రేడియలా అన్నదాని కన్నా ట్యూబు ఉందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. సాగి ఉన్న ట్యూబులో చిల్లు బెలూన్‌లా చీలుతుంది, గాలి వాల్వు కన్నం గుండా కూడా తన్నుకొస్తుంది. ట్యూబ్‌లెస్‌లో లోపలి రబ్బరు పొర మేకును పట్టుకుని ఉంటుంది, గంటలకొద్దీ నెమ్మదిగా దిగుతుంది. ట్యూబుతోనూ, ట్యూబుకూ రిమ్ముకూ మధ్య వేసే ఫ్లాపు అనే రబ్బరు పట్టీతోనూ నడిచే రేడియల్ లారీ టైర్లూ ఉన్నాయి, అవి దిగేటప్పుడు ఇతర ట్యూబు టైర్లలాగే దిగుతాయి.

అయితే పక్కగోడ విషయంలో లెక్క తారుమారు అవుతుంది. క్వారీ రాళ్ల మధ్య నడిచే టిప్పరు గోడకు దెబ్బ తగిలితే, బయాస్‌లో ఒకటి రెండు పొరలు కోసుకుపోయినా మిగతావి బరువు మోస్తాయి. లారీ రేడియల్ గోడలో సాధారణంగా ఉండేది ఒక్కటే ఉక్కు తీగల పొర. అది తెగితే ఆ టైరు పని అయిపోయింది. రేడియల్ అడుగుభాగంలో మేకు దిగినా అశ్రద్ధ చేయకూడదు. ఆ కన్నంలోంచి నీరు చేరితే ఉక్కు తీగ తుప్పు పడుతుంది. బయటినుంచి దూర్చే జిగురు తాడు దారి గడవడానికే. ఇంటికి చేరాక టైరు విప్పి లోపలినుంచి ప్యాచ్ వేయించాలి.

బయాస్‌కు అలవాటుపడిన కళ్లు రేడియల్ దగ్గర మోసపోతాయి. రేడియల్ గోడ సరైన గాలిలోనే కొంచెం ఉబ్బి కనిపిస్తుంది, కనుక గాలి తగ్గినా కంటికి తెలియదు. జంట చక్రాల్లో లోపలిది దిగిపోయినా అంతే. రాడ్డుతో తట్టి చూస్తే పూర్తిగా దిగింది తెలుస్తుంది గానీ, గాలి 100 పీఎస్‌ఐ ఉండాల్సిన చోట 75 ఉంటే తెలియాలంటే గేజీ పెట్టాల్సిందే. ఉండాల్సిన గాలిలో 80 శాతం కన్నా తక్కువతో నడిచిన ఉక్కు రేడియల్‌ను దిగిపోయి నడిచినదిగానే లెక్కించాలి. గోడలోని తీగలు వంగి వంగి లోపల తెగి ఉంటాయి. నేరుగా గాలి పట్టిస్తుంటే జిప్పు తెరిచినట్టు గోడ చీలి పేలుతుంది. అలాంటి టైరును ముందు విప్పి, గోడ లోపల అల్లుకున్న ముడతలు, మెత్తబడ్డ చోటు ఉన్నాయేమో చూసి, ఏమీ లేకపోతేనే ఇనుప బోను లోపల పెట్టి గాలి ఎక్కించాలి. పొడవాటి గొట్టంతో, టైరు గోడకు ఎదురుగా కాకుండా పక్కన దూరంగా నిలబడి ఎక్కించాలి. ఆ సమయంలో చిటపట చప్పుడు వినిపిస్తే దగ్గరికి వెళ్లకుండా దూరంనుంచే గాలి వదిలేయాలి.