ఏఐ చదివింది చేతుల్ని కాదు, గొంతుని!

ఆఫీసరు మాట్లాడే ఒక వీడియో కింద వచ్చిన కామెంటిది: "మూలన సైగలు చేసే మేడం చెప్పేదంతా ఏఐ తెలుగులో రాసిచ్చేస్తోంది కదా, ఇంక ఇంటర్‌ప్రెటర్ ఎందుకు?"

అది ఆవిడ చేతుల్ని చూసి రాయలేదండీ! పక్కన మైకులో మాట్లాడుతున్న ఆఫీసరు గొంతు విని రాసింది. ఆ కామెంటుకి లైకులు కొట్టినవాళ్ళంతా ఈ పరీక్ష చేయండి. సౌండు తీసేసి, కింద పరిగెత్తే అక్షరాలు కనపడకుండా, కుడివైపు కింద మేడం ఉన్న ముక్క మాత్రమే ffmpeg అనే వీడియో టూల్‌తో కత్తిరించి ఏఐకి ఇవ్వండి.

```
ffmpeg -i in.mp4 -vf "crop=iw/4:ih/3:iw*3/4:ih/2" -an out.mp4
```

"ఒక మహిళ సూచనలు ఇస్తున్నారు" అని సరిపెడుతుంది, లేదా ఏదో ఒక కథ అల్లేస్తుంది. అల్లిందో లేదో తేలాలా? అదే ముక్కని వెనక నుంచి ముందుకి తిప్పి ఇవ్వండి.

```
ffmpeg -i out.mp4 -vf reverse -an rev.mp4
```

సైగ భాష వచ్చినవాళ్ళు చూడగానే ఇది వెనక్కి నడుస్తోందంటారు. ఏఐ మళ్ళీ చక్కటి వాక్యం ఇచ్చిందంటే, మొదటిదీ కల్పనే అని అనుమానించాలి.

ఎందుకిలా? ప్రోగ్రాముల్లోంచి గూగుల్ ఏఐని వాడుకునే జెమినై ఏపీఐనే తీసుకోండి. మామూలు సెట్టింగులో వీడియో నుంచి సెకనుకి 1 ఫ్రేమే తీసుకుంటుంది. సైగల్లో వేళ్ళతో ఒక్కో అక్షరం చూపించి పేర్లు చెప్తారు. సెకనుకి 5 అక్షరాల చొప్పున వేసుకున్నా, VIJAYAWADA అనే 10 అక్షరాలు 2 సెకన్లలో అయిపోతాయి. దానికి అందేది 2 బొమ్మలు! మిగతా 8 అక్షరాలు ఎక్కడి నుంచి తెస్తుంది? ఫ్రేములు పెంచుకోవచ్చు, నిజమే. కానీ నేర్చుకోవడానికి దొరికిన సైగల వీడియోల్లో అమెరికా వాళ్ళవే ఎక్కువ. వాళ్ళు అక్షరాలు ఒక చేత్తో చూపిస్తారు, మన భారతీయ సైగ భాషలో రెండు చేతులూ కావాలి. ఇది వేరే భాషండీ బాబూ!

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది, బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అలాంటి రోజున "ఈ నీళ్ళు తాగొద్దు" అని చెప్పాలనుకోండి. సైగల వరస ఇలా ఉంటుంది: నీళ్ళు, తాగడం, ఆఖర్న వద్దు, దాంతోపాటే తల అడ్డంగా ఊపడం. ఆ ఆఖరి అరసెకను ఫ్రేముల మధ్య జారిపోతే మిగిలేదేంటి? "నీళ్ళు తాగండి!" ఒక్క తల ఊపు పోతే మాట ఎదురు తిరిగిపోతుంది.

చేతనైంది కూడా చెప్తా. ఒక క్లిప్పులో ఒకే సైగ, మనిషి ఎదురుగా, వెలుతురు బాగుంటే, దానికోసమే తయారుచేసిన మోడళ్ళు బాగానే గుర్తుపడతాయి. చేతికి 21 బిందువుల చొప్పున పట్టుకుని కదలికని పోలుస్తాయి. మన సైగలకి ఇన్‌క్లూడ్ అనే డేటాసెట్ ఉంది, అందులో 263 పదాలు. 263 పదాలతో వరద హెచ్చరిక చదివిస్తారా? వీడియోలోంచి ఇంటర్‌ప్రెటర్‌ని తీసేద్దామనే ఆఫీసు ఏదైనా సరే, ముందు సౌండు తీసేసిన ముక్క మీద ఆ "వద్దు" పట్టించి చూపించాలి, అదీ బధిరుల ముందు కూర్చుని!