అత్తగారు పెట్టిన చీరని ఏఐతో కట్టించగలమా? ఒక క్లయింట్‌కి రాసిన మెయిల్, దాని వెనక టెస్ట్

నమస్తే అండీ, బరంపురం నుంచి. పక్కింటి గ్రైండర్ మోత వినిపిస్తే ఏమీ అనుకోకండి, కరెంటు ఉన్నప్పుడే రికార్డ్ చేసుకోవాలి మనం.

ఈ వారం రివ్యూ లెన్స్ గురించి కాదు, ఏఐ ఫిల్ గురించి. ఫోటోలో కొంత భాగం సెలెక్ట్ చేసి, ఇక్కడ ఫలానా బట్ట కావాలి అని టైప్ చేస్తే గీసి ఇస్తుంది కదా, అది. టూల్ పేరు చెప్పను, మూడింటితో చూశాను, మూడూ ఒకే చోట బోల్తా పడ్డాయి.

కథేంటంటే, ఒక పెళ్లికూతురు ముహూర్తానికి వాళ్లమ్మ కొన్న పసుపు కంచిపట్టు కట్టుకుంది. అత్తగారు పెట్టిన మెరూన్ బరంపురం పట్టు పెట్టెలోనే ఉండిపోయింది. అత్తగారు మూతి ముడుచుకున్నారట. అందుకని, "అంకుల్, ఏఐ ఉంది కదా, జీలకర్ర బెల్లం ఫోటోల్లో ఆ చీర పెట్టేయండి, నలభై ఫోటోలే" అని మెయిల్. నలభై 'ఏ' అంట! పనిలో పని, తమ్ముడి తెల్ల చొక్కా మీద పులిహోర మరక కూడా తీయాలి.

మరక రెండు నిమిషాల పని. చుట్టూ అదే బట్ట ఉంది కాబట్టి టూల్ కొత్తగా ఊహించాల్సింది ఏమీ లేదు. ఇదిగో, ముందు, తర్వాత. ఇందులో దానికి ఫుల్ మార్కులు.

చీర దగ్గరికి వద్దాం. కొంచెం జూమ్ చేస్తున్నా, అంచు చూడండి. బరంపురం పట్టుకి ఫోడా కుంభ అంచు ఉంటుంది, గుడి గోపురాల్లా కొసలు వరసగా లేస్తాయి, 2012లో దీనికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఏఐ ఇచ్చినదాంట్లో కుచ్చిళ్ల దగ్గర ఒక గోపురం లావుగా ఉంది, పక్కది సన్నగా ఉంది, మూడోది మడతలోకి వెళ్లి మళ్లీ బయటికి రానే లేదు. ఫోన్‌లో చూస్తే బ్రహ్మాండం. కానీ ఆల్బమ్ షీటు 12x36 అంగుళాలు. నా ఫోటో నిలువు 6000 పిక్సెళ్లు, అందులో చీర ఒక్కటే 3500 దాకా ఉంటుంది. వీటిలో ఒక టూల్ 1024 పిక్సెళ్ల చదరంలో గీసి దాన్ని సాగదీసింది, అందుకే మొహం మీద వెంట్రుకలు కూడా కనిపిస్తుంటే చీర మాత్రం మైనం పూసినట్టు ఉంది. అత్తగారి తరఫువాళ్లు చీరలు తెలిసినవాళ్లు, ముందు చూసేదే అంచు.

నేను పంపిన మెయిల్ ఇది, చదువుతాను.

"అమ్మా, మరక తీసేశాను. చీర విషయం ఉన్నదున్నట్టు చెప్తాను. పసుపుని మెరూన్ చేయడం కుదురుతుంది, ఎందుకంటే లేత రంగుని ముదురు చేసినా మీ చీర మడతలు, నీడలు అలాగే నిలుస్తాయి, అదే ముదురుని లేతగా చేయమంటే కష్టం. జరీకి రంగు అంటకుండా చేత్తో విడదీయాలి. చీర పసుపు మీ గడ్డం కింద, చేతుల మీద పడి మెరుస్తోంది, దాన్ని కూడా తగ్గించకపోతే అతికించినట్టు కనిపిస్తుంది. ఒక్కో ఫోటోకి గంట పైనే పడుతుంది. అత్తగారి చీర అంచు మాత్రం రాదు. ఏఐ ఆ చీరని చూడలేదు, దానికి తోచిన అంచు గీస్తుంది, మెడ దాకా సెలెక్ట్ చేస్తే మెడలో నగలని కూడా మార్చేస్తుంది. నలభై ఫోటోలకీ చేస్తే నలభై రకాల చీరలు వస్తాయి. పైగా పెళ్లి వీడియోలో మీరు పసుపు చీరలోనే ఉంటారు."

ఆ చివరి మాట రాసేముందు ఆలోచించాను, మరీ ముఖం మీద కొట్టినట్టు ఉంటుందేమో అని. కానీ ఆల్బమ్, వీడియో ఒకే సోఫాలో కూర్చుని చూస్తారు కదా.

చీరని పగటి వెలుగులో పరిచి ఫోటో తీసి పంపితే, ఆ అసలు అంచునే మడతల వెంట వంచి అతికించవచ్చు. ఒక ఫోటోకి ప్రయత్నించాను, ఇదిగో. పూటంతా పట్టింది, చేతివేళ్లు అంచు మీద పడిన చోట ఇప్పటికీ తేడా తెలుస్తోంది, మీరే చూడండి. కవర్ పేజీ ఒక్కదానికైతే సరే, నలభైకి నేను చేయను.

సాయంత్రానికి జవాబు వచ్చింది. "సరే అంకుల్, రంగు మార్చడాలు ఏమీ వద్దు. పదహారు రోజుల పండక్కి ఆ చీరే కట్టుకుంటాను, మీరు రండి, అత్తయ్య పక్కనే నిలబడతారు" అని. శుక్రవారం పర్లాకిమిడి వెళ్తున్నా, మెరూన్ పట్టు మీద సాఫ్ట్‌బాక్స్ ఎక్కడ పెడితే జరీ తెల్లగా కాలిపోకుండా వస్తుందో ఆ ఫ్రేములు వచ్చే వీడియోలో చూపిస్తాను.