బుగ్గలో మానని పుండు: పద్నాలుగు రోజుల లెక్క

(మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీల సమావేశంలో ఒక దంతవైద్యురాలు చేసిన ప్రసంగం)

అన్నలకు, అక్కలకు నమస్కారం.

తంబాకు పెట్టుకునేవాళ్లకు ఒక వైపు అలవాటవుతుంది. కుడి బుగ్గలో పెట్టేవాళ్లు ఏళ్ల తరబడి అక్కడే పెడతారు. బుగ్గకూ కింది చిగురుకూ మధ్య ఉన్న ఆ సందు గంటల తరబడి ఆ రసంలో నానుతుంది. మన దగ్గర నోటి క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది బుగ్గలో, ఆ సందులో, నాలుక అంచున. అద్దం ముందు నోరు తెరిచి నాలుక చాపితే ఆ సందు కనిపించదు.

నా దగ్గరికి నలభై ఆరేళ్ల హమాలీ అన్న ఒకాయన వచ్చిండు. ఇరవై ఏళ్లుగా ఖైనీ, సాయంత్రం మందు. ఈ రెండూ కలిస్తే ప్రమాదం కూడిక కాదు, హెచ్చవేత లాంటిది. కుడి వైపు చివరి దంతం పక్కన పుండు లేచింది. వేడి చేసిందనుకొని బీ-కాంప్లెక్స్ గోలీలు మింగిండు. తర్వాత గ్లిజరిన్, ఆ తర్వాత మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్. అది రాస్తే మంట తగ్గేది, పుండు మాత్రం అట్లనే ఉండేది. ఆ దంతం విరిగి అంచు పదునుగా ఉండడంతో, పన్ను గుచ్చుకునే పుండైందని ఇంట్లోవాళ్లూ అనుకున్నరు. మూడు నెలలు గడిచినయ్.

నేను చూసినప్పుడు అది చింతగింజంత ఉంది. అంచులు పైకి లేచి ఉన్నయ్. వేలితో నొక్కితే చుట్టూ కండ మెత్తగా లేదు, ఎండిన తోలులా గట్టిగా తగిలింది. ఆయన అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది: "నొప్పి లేదు కద మేడం, క్యాన్సరైతే నొప్పుండదా?"

ఇక్కడే మోసపోతాం. మామూలు నోటిపూత మొదటి రోజు నుంచే మండుతుంది. గుండ్రంగా, మధ్యలో పసుపు, చుట్టూ ఎరుపుగా ఉంటుంది. వారం పది రోజుల్లో మానిపోతుంది, మళ్లీ వస్తే తరచుగా వేరే చోట వస్తుంది. క్యాన్సర్ పుండు మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ఒకే చోట ఉంటుంది, తాకితే రక్తం రావచ్చు. అందుకే నొప్పిని కాదు, రోజుల్ని లెక్కపెట్టండి. పద్నాలుగు రోజులు దాటినా మానని పుండును డాక్టర్ చూడాల్సిందే. పన్ను గుచ్చుకుంటుంటే ముందు ఆ అంచును అరగదీయించుకోండి. ఆ తర్వాత రెండు వారాల్లో మానకపోతే తప్పు పన్నుది కాదు.

నెలకోసారి చూసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. పండ్లు తోముకున్నాక చేతులు కడుక్కొని, కట్టుడు పండ్లుంటే తీసేసి, అద్దం ముందు ఫోన్ టార్చ్ వేసుకోండి. పెదవుల్ని తిప్పి లోపలి వైపు చూడండి. వేలితో బుగ్గను బయటికి లాగి, ఆ సందును చివరి దంతం దాకా చూడండి. నాలుక కొనను శుభ్రమైన గుడ్డతో పట్టుకొని ఒకసారి అటు, ఒకసారి ఇటు లాగి అంచులు చూడండి. నాలుక పైకెత్తి అడుగు భాగం, తల వెనక్కి వంచి అంగిలి చూడండి. చివరికి వేలితో తడమండి. కంటికి కనిపించని గడ్డ వేలికి దొరుకుతుంది. దవడ కింద, మెడ రెండు వైపులా కూడా నొక్కి చూడండి.

పుండు ఒక్కటే కాదు. గుడ్డతో తుడిచినా పోని తెల్లమచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, పన్ను పీకించుకున్నాక మానని గుంత, మెడలో తగ్గని గడ్డ కూడా చూపించుకోవాలి. మఖ్మల్ బట్టలా ఎర్రగా కనిపించే మచ్చ తెల్లమచ్చ కంటే ప్రమాదకరం. అది కనిపిస్తే వెంటనే రండి.

వక్కపొడి తినే అక్కలు ఇంకొకటి చేసి చూడండి. మీ మూడు వేళ్లను ఒకదాని మీద ఒకటి వచ్చేలా నిలువుగా నోట్లో పెట్టుకోండి. పట్టకపోతే, కారం తగలగానే నోరంతా మండుతుంటే, బుగ్గ లోపలి కండ గట్టిబడుతున్నట్టు అనుమానించాలి. తంబాకు లేకుండా ఉత్త వక్కతోనే ఇది వస్తుంది, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. వక్క మానేసినా ఆ బిగుతు పూర్తిగా పోదు కాబట్టి, మానేసినవాళ్లు కూడా చూపించుకుంటూ ఉండాలి. మన నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌తో పండ్ల మీద వచ్చే గోధుమ రంగు మచ్చలు వేరే సంగతి, అవి క్యాన్సర్ గుర్తులు కావు.

ఆ అన్నకు బయాప్సీ రాస్తే, ముక్క తీస్తే రోగం పాకుతుందని ఎవరో భయపెట్టిండ్రు. ఆయన ఇంకో ఇరవై రోజులు ఆగిండు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకదు. ఆ చోటు మొద్దుబార్చి చిన్న ముక్క తీస్తరు, నిర్ధారణకు అదే దారి. రిపోర్టులో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే దవడ కింద శనగగింజంత గడ్డ తగిలింది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో దవడ ఎముక కొంత, మెడలోని గడ్డలు తీసేసి, తర్వాత రేడియేషన్ ఇచ్చిండ్రు. ఇప్పుడాయన అన్నం మెత్తగా కలుపుకొని ఎడమ వైపు నములుతడు. మొదటి నెలలోనే వచ్చి ఉంటే దవడ మిగిలేదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తది.

అదిగో, ఆ బల్ల మీద అద్దాలు, టార్చ్‌లు ఉన్నయ్. రెండు వారాలు దాటిన పుండు ఉన్నవాళ్లు ముందుగా రండి. ఏ బుగ్గలో తంబాకు పెడతరో అడుగుత, ఆ వైపు నుంచే చూడడం మొదలుపెడత.