వసంతం లేని ఏడు, పెళ్లి లేని ఏడు

శ్రోతలకు నమస్కారం.

2024 ఫిబ్రవరి 10న చైనాలో డ్రాగన్ సంవత్సరం మొదలైంది. పన్నెండు జంతువుల పేర్లతో తిరిగే వాళ్ల సంవత్సరాల్లో డ్రాగన్ ఏడంటే అందరికీ మోజు. ఆ ఏడు పుట్టిన బిడ్డ అదృష్టవంతుడవుతాడని నమ్మకం. అదే ఏడు పెళ్లికి మాత్రం పనికిరాదని చాలా ఇళ్లలో పెద్దవాళ్లు అడ్డు చెప్పారు. ఎందుకంటే ఆ ఏడాదికి ‘లీ చున్’ లేదు. అలాంటి ఏడాదిని వాళ్లు విధవ సంవత్సరం అంటారు. అందులో పెళ్లి చేసుకుంటే భర్త దక్కడని భయం.

లీ చున్ అంటే వసంతం మొదలయ్యే రోజు. ఇది సూర్యుణ్ణి బట్టి వస్తుంది కాబట్టి ఏటా ఫిబ్రవరి 4న, లేదంటే ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది. వాళ్ల కొత్త సంవత్సరం మాత్రం అమావాస్యను బట్టి వస్తుంది. జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. అంటే సూర్యుడి లెక్కకు ఏటా పదకొండు రోజులు తగ్గుతాయి. ఆ లోటు పూడ్చడానికి రెండు మూడేళ్లకోసారి అధిక మాసం కలుపుతారు. మన పంచాంగంలో సంక్రమణం లేని నెల అధిక మాసమైనట్టే, అక్కడా సూర్యుడి లెక్కలో ఒక గుర్తు పడని నెలే అధికమవుతుంది. అధిక మాసంలో మనం ముహూర్తాలు పెట్టుకోం కదా, కాబట్టి వాళ్ల తంటా మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. కాకపోతే మనకు పోయేది ఒక నెల, వాళ్లకు ఏడాది మొత్తం.

2024నే తీసుకుందాం. ఫిబ్రవరి 4న లీ చున్ వచ్చేసింది. అప్పటికి ఇంకా పాత కుందేలు సంవత్సరమే నడుస్తోంది. ఆరు రోజుల తర్వాత డ్రాగన్ ఏడు వచ్చి, 2025 జనవరి 28తో ముగిసింది. తర్వాతి లీ చున్ ఫిబ్రవరి 3న. అంటే ఒకటి ఏడాది మొదలవక ముందే వెళ్లిపోయింది, రెండోది ముగిశాక వచ్చింది. ఆ రెండూ పక్క సంవత్సరాలకు పోయాయి. అందుకే అధిక మాసాలు ఉన్న 2023, 2025 సంవత్సరాలకు రెండేసి లీ చున్‌లు దక్కాయి. జోడు వసంతాల ఏడు పెళ్లికి శ్రేష్ఠమని వాళ్ల నమ్మకం. ఇది అరుదైన వింతేం కాదు. 2005 నుంచి 2023 దాకా పంతొమ్మిదేళ్లలో ఏడు సంవత్సరాలు ఇలా లీ చున్ లేకుండానే గడిచాయి.

మరి ఆ ఏడాదిలో వసంత రుతువు రాలేదా? ఎందుకు రాలేదు! 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడ చెట్లు ఎప్పటిలాగే పూశాయి. తగ్గిందల్లా క్యాలెండర్ గీతల మధ్య ఒక తేదీ. ఇంకో సంగతి చూడండి. పుట్టిన ఘడియను బట్టి జాతకం వేసే చైనా జ్యోతిష్కుల్లో చాలామంది సంవత్సరాన్ని లీ చున్ నుంచే లెక్కపెడతారు. ఆ లెక్కన వసంతారంభం లేని ఏడాదంటూ ఉండనే ఉండదు. అక్కడి పంచాంగాలు కూడా ఈ ఏడాదుల్లో వివాహానికి మంచి రోజులను ఎప్పటిలాగే గుర్తిస్తాయి. భర్త పోతాడన్న భయాన్ని పెళ్లికూతురి నెత్తిన రుద్దే ఈ మాటకు వాళ్ల శాస్త్రంలోనే గట్టి పునాది లేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

అయినా జనం పట్టించుకుంటారు. చైనాలో 2023లో 76 లక్షల 82 వేల పెళ్లిళ్లు రిజిస్టరయితే, 2024లో 61 లక్షల 6 వేలే అయ్యాయి. అయిదో వంతు పడిపోయింది. ఇదంతా నమ్మకం పనే అనుకుంటే పొరపాటు. పెళ్లీడు యువత సంఖ్య తగ్గుతోంది, ఇళ్ల ధరలు, కన్యాశుల్కం భయపెడుతున్నాయి. పైగా కోవిడ్‌ వల్ల ఆగిన పెళ్లిళ్లు 2023లో ఒక్కసారిగా జరిగాయి. వసంతం లేదన్న మాట వీటికి తోడైంది. అదే 2024లో పుట్టిన పిల్లలు మాత్రం అంతకుముందు ఏడాది కంటే అయిదు లక్షలకు పైగా పెరిగి 95 లక్షల 40 వేలకు చేరారు. డ్రాగన్ బిడ్డ కావాలి, పెళ్లి మాత్రం ఆ ఏడాది వద్దు. రెండూ కోరుకున్నవాళ్లకు కుందేలు సంవత్సరం ముగిసేలోపే పెళ్లి కానిచ్చేయాలన్న టెన్షన్.

కొందరు మధ్యే మార్గం వెతుక్కుంటారు. చైనాలో చట్టం దృష్టిలో పెళ్లంటే రిజిస్ట్రేషనే. బంధువుల దృష్టిలో మాత్రం విందు జరిగితేనే పెళ్లి. అందుకని మంచి ఏడాదిలో సర్టిఫికెట్ తీసుకుని, తర్వాత తీరిగ్గా విందు చేస్తారు. ఏ తేదీని పెళ్లిగా లెక్కపెట్టాలన్న దగ్గర రెండు వైపులవాళ్ల మధ్య మాట పట్టింపులు వస్తాయి. ఈ చిక్కు మళ్లీ దగ్గర్లోనే ఉంది. 2027 ఫిబ్రవరి 6న మొదలై 2028 జనవరి 25తో ముగిసే మేక సంవత్సరానికి కూడా లీ చున్ లేదు. దానికి రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 4న వచ్చే లీ చున్ గుర్రం సంవత్సరానికి పోతుంది. ఆ నమ్మకం ఉన్న ఇళ్లలో పెళ్లి మాటలు నడుస్తుంటే, ఆ ఫిబ్రవరి 5లోపే కానిద్దామన్న ఒత్తిడి ఖాయం.